గొడవ తర్వాత తిరిగి రావడం ఎలా: రేపు పెళ్లవుతున్న నా కూతురికి

"అమ్మా, రేపు నా పెళ్లి. 22 ఏళ్లుగా భార్యాభర్తలను ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నావు. ప్రేమ చాలా కాలం నిలవాలంటే మనిషి ఏం చేయాలి? సర్దుకుపో అని మాత్రం చెప్పకు. నిజంగా పనికొచ్చేది రాసివ్వు."

చిన్నీ,

గొడవ అయ్యాక మళ్లీ దగ్గరికి రావడం నేర్చుకోవాలి. నేను చెప్పగలిగింది ఇదొక్కటే. మిగతాదంతా అదెలాగో చెప్పడానికే రాస్తున్నాను.

సర్దుకుపోవడం వేరు, ఇది వేరు. సర్దుకుపోయే మనిషి బాధను లోపల దాచేసుకుని ఏమీ జరగనట్టు తిరుగుతుంది. నేను చెప్పే మనిషి ఆ బాధను వెంట తెచ్చుకుని మరీ వస్తుంది, ఎదుటి మనిషి ముందు పెట్టి మాట్లాడుతుంది. నా దగ్గరికి వచ్చే వాళ్లలో నాకు ఎక్కువ భయం వేసేది అరుచుకునే జంటల గురించి కాదు. "మా మధ్య అసలు గొడవలే లేవండీ" అంటూ చెరో కిటికీలోంచి బయటికి చూసే వాళ్ల గురించి. వాళ్లు గొడవపడటం ఎప్పుడో మానేశారు. దాంతో పాటే కలిసిపోవడం కూడా మానేశారు.

జాన్ గాట్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త వందల జంటలను ఏళ్ల తరబడి గమనించాడు. దంపతుల తగాదాల్లో సుమారు 69 శాతం ఎప్పటికీ తేలనివేనని ఆయన లెక్క. మొదటిసారి చదివినప్పుడు నాకు దిగులేసింది. తర్వాత ఊరటనిచ్చింది కూడా అదే. ఒకరికి డబ్బు దాచితేనే నిద్ర పడుతుంది, ఇంకొకరికి ఖర్చు పెడితేనే బతికినట్టు ఉంటుంది. ఒకరికి మనసు బాగోలేకపోతే మాట్లాడాలనిపిస్తుంది, ఇంకొకరికి ఒంటరిగా ఉండాలనిపిస్తుంది. ఇవి మనుషుల స్వభావాలు, తీర్పు చెప్పి ముగించేవి కావు. అలా తేలని తగాదాలతోనే 40 ఏళ్లు హాయిగా ఉన్న వాళ్లను నేను చూశాను. వాళ్లకు తెలిసిందల్లా, గొడవపడిన రోజు రాత్రో మర్నాడో మళ్లీ ఒకరి వైపు ఒకరు తిరగడం.

నాకే అది చేతకాని రోజులు ఉన్నాయి. నీకు ఇంతవరకూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. మీ నాన్నను అడిగే రాస్తున్నాను.

నీకు అప్పుడు 9 ఏళ్లు. నా రొమ్ములో చిన్న గడ్డ తగిలితే బయాప్సీ చేశారు. రిపోర్టు తెచ్చుకోవాల్సిన రోజు పొద్దున్నే మీ నాన్న, "ఆఫీసులో పని ఉంది, నువ్వు వెళ్లి తెచ్చుకోగలవా?" అన్నారు. సరే అన్నాను. ఆసుపత్రి వరండాలో టోకెన్ పట్టుకుని గంటన్నర కూర్చున్నాను. నా పక్కన కూర్చున్నావిడ బ్యాగు వాళ్లాయన ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. ఆయనేమీ మాట్లాడటం లేదు, ఊరికే ఆ బ్యాగు పట్టుకుని ఉన్నాడు. నేను ఆ బ్యాగునే చూస్తూ కూర్చున్నాను.

గడ్డ ప్రమాదమైనది కాదన్నారు. ఫోన్ చేసి చెబితే మీ నాన్న "హమ్మయ్య" అని పెట్టేశారు. ఇంటికొచ్చి చూస్తే స్నానాల గదిలో కింద కూర్చుని, ఆర్నెల్లుగా కారుతున్న కుళాయి బాగు చేస్తున్నారు. ఆఫీసుకు వెళ్లనే లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క మాట కూడా అనలేదు. బట్టలు మార్చుకుని పనిలో పడిపోయాను.

ఆ ఒక్క మాట అనకుండా 11 నెలలు గడిపాను.

పైకి చూసేవాళ్లకు ఏ తేడా కనిపించదు. అడిగినదానికి జవాబు చెప్పేదాన్ని, నలుగురిలో నవ్వేదాన్ని. కానీ ఆయన ఏదైనా చూపించి "ఇది చూశావా?" అంటే తలెత్తేదాన్ని కాదు. ఇది చాలా చిన్న విషయంగా అనిపిస్తుంది. గాట్‌మన్ కొత్తగా పెళ్లైన జంటలను గమనించి, 6 ఏళ్ల తర్వాత మళ్లీ వాళ్ల సంగతి ఆరా తీశాడు. కలిసి ఉన్నవాళ్లు తొలిరోజుల్లో అవతలివాళ్లు ఇలా పలకరించినప్పుడు 100కి 86 సార్లు స్పందించారట. విడిపోయిన వాళ్లు 33 సార్లే. నేను ఆ 11 నెలలూ రెండో రకం మనిషిని.

తర్వాత చులకన మొదలైంది. ఆయన తాళాలు ఎక్కడో పెట్టి వెతుక్కుంటుంటే, నేను పెదవి విరిచి నిట్టూర్చేదాన్ని. "తాళాలు మళ్లీ పోగొట్టారు" అనడం ఒక తప్పును ఎత్తి చూపడం. పెదవి విరవడం ఆ మనిషినే తక్కువ చేయడం. కోపంలో ఇంకా "నువ్వు నాకు ముఖ్యం" అన్నది ఉంటుంది, చులకనలో అది ఉండదు. పెళ్లి చెడిపోబోతోందని చెప్పే లక్షణాల్లో అన్నిటికంటే బలమైనది ఇదేనని గాట్‌మన్ పరిశోధన తేల్చింది. నా అనుభవమూ అదే. గదిలోకి వచ్చిన జంటలో ఒకరు మాట్లాడుతుంటే రెండోవారి మొహం చూస్తాను. కోపం కనిపిస్తే ఫరవాలేదనుకుంటాను. పెదవి విరుపు కనిపిస్తే పని చాలా ఉందని అర్థం.

ఒకరోజు మీ నాన్న నీ హోంవర్కులో ఏదో లెక్క తప్పు చెప్పారు. నువ్వు అచ్చం నాలాగే పెదవి విరిచి నిట్టూర్చావు. ఆ పదేళ్ల మొహం మీద నా మొహం కనిపించింది. ఆయన ఏమీ అనకుండా పుస్తకం మూసేసి లేచి వెళ్లారు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మర్నాడు మాట్లాడాలనుకున్నాను. ఎలా మొదలుపెట్టానో తెలుసా? "మీరెప్పుడూ ఇంతే. అవసరమైనప్పుడు పక్కన ఉండరు." రోజంతా వేరేవాళ్లకు ఇలా మొదలుపెట్టకండని చెప్పే మనిషిని, నోటికి అదే వచ్చింది. ఆయన మొహం ఎర్రబడింది, తర్వాత రాయిలా అయిపోయింది. లేచి బాల్కనీలోకి వెళ్లిపోయారు. నేను వెనకాలే వెళ్లి, "చూశారా, ఇప్పుడు కూడా పారిపోతున్నారు" అన్నాను. అంతే, ఆ రోజుకి అది ముగిసిపోయింది.

అక్కడ రెండు తప్పులు చేశాను. రెండూ నువ్వూ చేస్తావు, అందుకే వివరంగా రాస్తున్నాను.

మొదటిది, మొదలుపెట్టిన తీరు. 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో 124 కొత్త జంటలను ఏదో ఒక తగాదా గురించి 15 నిమిషాలు మాట్లాడుకోమన్నారు. ఆ సంభాషణలో మొదటి 3 నిమిషాలు చూస్తేనే, తర్వాతి 6 ఏళ్లలో ఎవరు విడిపోయే అవకాశం ఎక్కువో చాలావరకు తెలిసిపోయిందట. గట్టిగా దెప్పుతూ మొదలైన మాట దాదాపు అలాగే ముగుస్తుంది. "ఎప్పుడూ", "ఎన్నడూ" అన్న మాటలు వచ్చాయంటే అవతలి మనిషి వినడం మానేసి, "ఫలానా రోజు చేశాను కదా" అని లెక్కలు వెతుక్కోవడంలో పడతాడు. నీ బాధ అక్కడే ఆగిపోతుంది, ఆ లెక్కల మీద ఇంకో గొడవ మొదలవుతుంది.

రెండోది, వెనకాలే వెళ్లడం. మనిషికి బాగా ఆవేశం వచ్చినప్పుడు గుండె నిమిషానికి 100 సార్లకు మించి కొట్టుకుంటుంది. ఆ స్థితిలో ఎంత మంచివాడికైనా ఎదుటివాళ్లు చెప్పేది బుర్రకెక్కదు. తప్పించుకోవాలనో, తిరిగి కొట్టినట్టు మాట్లాడాలనో మాత్రమే అనిపిస్తుంది. కొందరు అరుస్తారు, కొందరు రాయిలా అయిపోతారు. రాయిలా ఉన్నవాళ్లకు ఏమీ పట్టడం లేదని మనం అనుకుంటాం, లోపల వాళ్ల గుండె దడదడలాడుతూనే ఉంటుంది. అది నెమ్మదించడానికి కనీసం 20 నిమిషాలు పడుతుంది. ఆ 20 నిమిషాలూ "ఎంత మాట అంది!" అని తలుచుకుంటూ కూర్చుంటే అసలు నెమ్మదించదు. నడవాలి, లేదా వేరే పనిలో పడాలి.

కాబట్టి గొడవలో ఎవరైనా లేచి వెళ్లవచ్చు, అది తప్పు కాదు. కానీ మళ్లీ ఎప్పుడు వస్తారో చెప్పి వెళ్లాలి. "నాకిప్పుడు తల పనిచేయడం లేదు, అరగంటలో వస్తాను" అంటే అది విరామం. ఏమీ చెప్పకుండా తలుపు వేసుకుంటే అది వదిలేసి పోవడం. వెళ్లినవాళ్లే చెప్పిన టైముకి తిరిగి రావాలి, పిలిపించుకోకూడదు. ఈ ఒక్కటి మాత్రం పెళ్లైన మొదటి వారంలోనే, ఇద్దరూ మంచి మూడ్‌లో ఉన్నప్పుడు మాట్లాడుకుని పెట్టుకోండి. గొడవ మధ్యలో కొత్త పద్ధతి ఎవరికీ గుర్తురాదు.

మూడు రోజుల తర్వాత మళ్లీ ప్రయత్నించాను. నువ్వు పడుకున్నాక. ఏం అనాలో ముందే మనసులో అనుకున్నాను. "ఆ రోజు రిపోర్టు కోసం వరండాలో ఒంటరిగా కూర్చున్నప్పుడు నాకు చాలా భయమేసింది. మీరు పక్కన ఉంటే బాగుండనిపించింది. మీరెందుకు రాలేకపోయారో నాకు తెలియాలి." ఇందులో ఏముందో చూడు. ఏ రోజు, ఏం జరిగింది, నాకెలా అనిపించింది, ఇప్పుడు నాకేం కావాలి. ఆయన ఎలాంటి మనిషో అన్న మాట లేదు.

మీ నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. ఆయనకు 19 ఏళ్లప్పుడు, అచ్చం అలాంటి వరండాలోనే వాళ్లమ్మ రిపోర్టు ఒక్కరే అందుకున్నారట. అక్కడ నిలబెట్టే డాక్టరు విషయం చెప్పేశాడట. "నీ కాగితం కూడా నా చేత్తో అందుకుంటే మళ్లీ అదే అవుతుందనిపించింది. పిచ్చి భయమని తెలుసు. కాళ్లు కదల్లేదు. ఇంట్లో కూర్చోలేక ఆ కుళాయి విప్పాను."

ఆ మాట విని నా కోపం సగం పోయింది, చిన్నీ. మిగతా సగం పోలేదు. అది నీకు చెప్పాలి. కారణం తెలియడం వేరు, క్షమాపణ వేరు. చాలామంది కారణం చెప్పి క్షమాపణ అడిగేశామనుకుంటారు. "నాకు భయమేసింది కాబట్టి రాలేదు" దగ్గర ఆగిపోతే వినేవాళ్లకు తమ బాధకు చోటు దొరకదు. ఆయన ఆగలేదు. "నా భయం నేను చూసుకున్నాను గానీ, నీ భయంతో నిన్ను ఒక్కదాన్నే పంపించాను. పైగా ఆఫీసని అబద్ధం చెప్పాను. తప్పు చేశాను" అన్నారు. చేసిన పని పేరు పెట్టి చెప్పారు. దానివల్ల నాకేమైందో చెప్పారు. "కానీ" అనలేదు. "నువ్వు బాధపడి ఉంటే సారీ" అనలేదు. ఆ రకం సారీ వినడం కంటే ఏమీ వినకపోవడమే నయం.

అప్పుడు నా వంతు వచ్చింది. 11 నెలలు ఆయన్ని ఆ ఇంట్లోనే పరాయివాణ్ణి చేశాను. చిన్నపిల్ల ముందు చులకన చేశాను. ఆయన తప్పు పెద్దది కదా, నాది చిన్నది కదా అని మనసు గీచి గీచి బేరం ఆడింది. అయినా అడిగాను. ఎవరిది ఎంత అన్నది తేలేదాకా ఆగితే ఎప్పటికీ ఎవరూ అడగరు. మన వాటా మనం అడిగేయడమే.

ఆ కుళాయి సంగతి తర్వాత నేను చాలాసార్లు ఆలోచించాను. ఆ రోజు ఆయన మాటతో రాలేక చేత్తో వచ్చారు. ఆర్నెల్లుగా నేను అడుగుతున్న పని, సరిగ్గా ఆ రోజు చేశారు. అది నాకు అబద్ధానికి సాక్ష్యంగా మాత్రమే కనిపించింది. అబద్ధం అబద్ధమే, కాదనను. కానీ అందులో ఇంకొకటి కూడా ఉంది, నేను చూడలేదు. తప్పు చేసిన మనిషి తిరిగి వచ్చేటప్పుడు మనకు నచ్చిన దారిలో రాడు. వచ్చి ఊరికే పక్కన కూర్చుంటాడు. సంబంధం లేని ప్రశ్న అడుగుతాడు. నవ్వు రాని జోకు వేస్తాడు. దాన్ని "ఇప్పుడా?" అని తోసేయకుండా అందుకోవడం కూడా ప్రేమ అడిగే పనే. అంటే గొడవ అయిపోయినట్టు కాదు. "నాకింకా కోపంగానే ఉంది, కానీ నువ్వు వచ్చి కూర్చున్నందుకు బాగుంది" అనొచ్చు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

మిగిలిన సగం కోపం ఎప్పుడు పోయిందంటావా? ఆ తర్వాత స్కానింగుకి వెళ్లిన రోజు. మీ నాన్న వచ్చారు. ఫైలు ఆయనే పట్టుకున్నారు. అట్ట మీద ఆయన అరచేతి చెమట మరక పడింది. ఒక్క మాట మాట్లాడలేదు, లేచి కూడా వెళ్లలేదు. నమ్మకం మాటతో పోవచ్చు గానీ మాటతో తిరిగి రాదు. అలాంటి రోజే మళ్లీ వచ్చినప్పుడు మనిషి ఈసారి ఏం చేశాడన్న దాంతో వస్తుంది. దానికి టైము పడుతుంది. ఆ మధ్య రోజుల్లో కోపం తిరగబెడుతుంటే, నీ క్షమ ఉత్తుత్తిదని అనుకోకు.

ఇంకొకటి ఉంది, చిన్నదే. ఎలీ ఫింకెల్ అనే పరిశోధకుడి బృందం 120 జంటలను 2 ఏళ్లు గమనించింది. రెండో ఏడాదిలో సగం జంటల చేత మూడుసార్లు, ఒక్కోసారి 7 నిమిషాలు రాయించారు. ఇటీవలి గొడవను, ఇద్దరికీ మంచి కోరే మూడో మనిషి చూస్తే ఎలా కనిపిస్తుందో రాయాలి. మొత్తం 21 నిమిషాల పని. రాయని జంటల్లో సంతృప్తి తగ్గుతూ పోయింది, రాసిన వాళ్లలో ఆ తగ్గుదల ఆగింది. అద్భుతాలు జరిగిపోతాయని చెప్పను. కానీ గొడవ తలలో గిరగిర తిరుగుతున్నప్పుడు కాగితం మీద ఇలా రాసుకోవడం నాకు బాగా పనిచేసింది. ఎవరికీ చూపించక్కర్లేదు.

ఇక ఇది జాగ్రత్తగా చదువు. పైన రాసినవన్నీ ఇద్దరు మనుషులు ఒకరినొకరు నొప్పించుకున్నప్పటి సంగతి. భయం ఉన్నచోట ఇవి పనిచేయవు. చెయ్యి చేసుకోవడం, వస్తువులు విసరడం, ఫోన్ తీసుకుని చూడటం, డబ్బు చేతిలో లేకుండా చేయడం, మన వాళ్లతో మాట్లాడనివ్వకపోవడం: వీటిలో ఏదైనా జరిగితే అది "గొడవ" కాదు, అక్కడ తిరిగి వెళ్లాల్సిన బాధ్యత నీకు లేదు. ఎలా గుర్తుపట్టాలంటే, మామూలు గొడవ తర్వాత మనిషికి బాధ ఉంటుంది, ఏం మాట్లాడాలో తోచదు. అక్కడ మాత్రం ఏం మాట్లాడితే ఏమవుతుందోనని లెక్క వేసుకుంటూ ఉంటాం. దాడి తర్వాత ఏడ్చి కాళ్లు పట్టుకోవడం కూడా నేను చెప్పిన తిరిగి రావడం కాదు, మారిన ప్రవర్తన లేకపోతే అది మళ్లీ జరగబోయేదానికి ముందు మెట్టు. అప్పుడు నాకు ఫోన్ చెయ్యి. ఏ టైమైనా సరే. పరువు గురించి నేనడగను, మీ నాన్న అడగరు. అతను అలాంటివాడని నాకే కోశానా అనుమానం లేదు. ఉన్నా లేకపోయినా ప్రతి తల్లీ ముందే చెప్పి తీరాల్సిన మాట ఇది.

అదే పని, నువ్వు చేసినా తప్పే. అతను నిన్ను చూసి మాట మింగే రోజు రాకుండా చూసుకో. నీకు మాట పదును ఎక్కువ. అది నా దగ్గర నేర్చుకున్నదే.

ఇంకా చాలా రాయాలని కూర్చున్నాను గానీ, టైము పదకొండు దాటింది. నువ్వు ఇంకా మేలుకునే ఉన్నట్టున్నావు, గదిలో లైటు కనిపిస్తోంది. నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో గొంతు పెంచడం విన్నాను. తర్వాత ఫోన్ బోర్లా పెట్టేసి నా పక్కన వచ్చి పడుకున్నావు. అది మూడుసార్లు వణికింది, నువ్వు తీయలేదు. ఇవాళంతా హడావిడిలో మీరిద్దరూ మాట్లాడుకున్నట్టు నాకనిపించలేదు. గొడవ ఏమిటో నేనడగను. ఈ ఉత్తరం తలుపు కిందనుంచి పెడుతున్నాను. పడుకునే ముందు అతనికి ఒకసారి ఫోన్ చెయ్యి.

అమ్మ